సస్పెండైన ఎక్స్ ఖాతాను తొలగించుకోవడం ఎలా, తొలగించాక ఏం మిగులుతుంది

మనలో చాలామంది ఇప్పటికీ ట్విటర్ అనే పిలుచుకునే ఎక్స్‌లో ఖాతా సస్పెండైతే, తెలుగువారు అడిగే మొదటి ప్రశ్న దాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎలా అని. రెండో ప్రశ్న కొంత ఆలస్యంగా, అప్పీలు తిరస్కరణకు గురై విసుగు పుట్టాక వస్తుంది: వాళ్లు తిరిగి ఇవ్వకపోతే పోనీ, కనీసం నా ఫోన్ నంబరు, నా సందేశాలు, నా ఫోటోలు వాళ్ల దగ్గర లేకుండా చెరిపించుకోవచ్చా? ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించే. ఉదాహరణగా ఎక్స్‌నే తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. సినిమా అభిమానుల ఖాతాలు, రాజకీయ చర్చల ఖాతాలు మన దగ్గర ఎక్కువగా వేటుకు గురయ్యేది అక్కడే. పైగా సస్పెండైన ఖాతాను కూడా తొలగించమని అడిగే దారిని ఆ సంస్థ తన సహాయ పేజీలోనే చూపుతుంది.

జవాబు ముందే చెబుతాను. తొలగించుకోవచ్చు, కానీ మామూలు ఖాతాను తొలగించినప్పటి కంటే సస్పెండైన ఖాతాను తొలగించినప్పుడు సంస్థ దగ్గర మిగిలేది ఎక్కువ. వినడానికి తలకిందులుగా అనిపించినా దీనికి కారణం ఉంది, దాన్ని తర్వాత వివరిస్తాను. కాబట్టి ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్న క్రమం ఇక్కడ చాలా ముఖ్యం. క్రమం తప్పితే అప్పీలు చేసుకునే అవకాశమూ పోతుంది, మీ పాత పోస్టుల ప్రతీ పోతుంది, ఫోన్ నంబరు మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

మొదట మీ ఖాతా ఏ స్థితిలో ఉందో తేల్చుకోండి

“నా అకౌంట్ పోయింది” అని చెప్పేవారిలో చాలామంది ఖాతా నిజానికి పోయి ఉండదు. లాగిన్ అయినప్పుడు తెర మీద ఏం కనిపిస్తోందో నిదానంగా చదవండి, ఎందుకంటే నాలుగు వేర్వేరు స్థితులను జనం ఒకే మాటతో పిలుస్తున్నారు.

ఖాతా లాక్ అయిందని, ఫోన్ నంబరుకో ఈమెయిల్‌కో వచ్చిన కోడ్ ఇవ్వమని అడుగుతుంటే అది కేవలం మీరు మనిషేనా, ఖాతా మీదేనా అన్న పరీక్ష. కోడ్ ఇచ్చి బయటపడితే ఖాతా మామూలు స్థితికి వస్తుంది, ఆ తర్వాత మామూలు పద్ధతిలోనే తొలగించుకోవచ్చు. ఈ స్థితిలో ఉన్నవారు సస్పెండైన ఖాతాల దారి పట్టడం అనవసరం.

రెండోది, ఫలానా పోస్టు నిబంధనలకు విరుద్ధంగా ఉంది, దాన్ని తొలగించండి లేదా అప్పీలు చేయండి అని అడిగే స్థితి. ఇక్కడ అప్పీలు నొక్కితే ఖాతా పరిశీలనలోకి వెళుతుంది. పరిశీలన ముగిసే దాకా తాళం అలాగే ఉంటుంది. అప్పీలును మానుకుని ఆ పోస్టు తీసేయడానికి ఒప్పుకుంటే, నిర్ణీత గంటల నిరీక్షణ తర్వాత ఖాతా తెరుచుకుంటుంది. మీ అసలు ఉద్దేశం ఖాతాను తొలగించడమే అయితే ఈ దారి దగ్గరిది: పట్టింపుకు పోకుండా పోస్టు తీసేసి, ఖాతా తెరుచుకున్నాక, చక్కగా ఉన్న ఖాతాగానే దాన్ని మూసేయండి. సస్పెన్షన్ ముద్ర పడకముందే మూసిన ఖాతాకూ, ముద్ర పడ్డాక మూసిన ఖాతాకూ మిగిలే వివరాల్లో ఉన్న తేడా కోసం ఈ ఒక్క మెట్టు దిగడం మేలని నా అభిప్రాయం.

మూడోది పూర్తి సస్పెన్షన్. లాగిన్ కాగలరు, కానీ పోస్టు చేయలేరు, ఎవరినీ ఫాలో కాలేరు. మీ ప్రొఫైల్ తెరిచిన ఇతరులకు ఖాతా సస్పెండైందన్న మాట తప్ప ఏమీ కనిపించదు. ఈ వ్యాసంలో మిగతా భాగమంతా ముఖ్యంగా వీరి కోసం.

నాలుగోది పూర్తిగా వేరే సంగతి. ప్రభుత్వ ఆదేశం మీదో కోర్టు ఆదేశం మీదో మీ ఖాతాను భారతదేశంలో కనిపించకుండా నిలిపివేసినప్పుడు, విదేశాల్లో ఉన్నవారికి అది కనిపిస్తూనే ఉంటుంది. అది సస్పెన్షన్ కాదు కనుక ఖాతా మీ చేతిలోనే ఉంటుంది. అయితే అటువంటి ఖాతా మీద కేసు ఉందేమో చూసుకోకుండా తొలగించే పని పెట్టుకోవద్దు. సాక్ష్యంగా కోర్టు ముందుకు రాకుండా చేయాలనే ఉద్దేశంతో ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ ప్రకారం నేరం. పోలీసు నోటీసు చేతికి వచ్చి ఉంటే వకీలును అడగకుండా ఏ మీటా నొక్కవద్దు. ఇది సస్పెండైన ఖాతాలకూ వర్తిస్తుంది.

రెండో పని: ఆర్కైవ్ తీసుకోండి

తొలగింపు కోరేముందు మీ సమాచారపు ప్రతిని దింపుకోవాలి. “Settings and privacy” లోకి వెళ్లి, “Your account” కింద “Download an archive of your data” అన్న చోట నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది, తర్వాత ఈమెయిల్‌కో ఫోన్‌కో కోడ్ పంపుతుంది. ఆర్కైవ్ సిద్ధం కావడానికి 24 గంటలో అంతకంటే ఎక్కువో పడుతుంది. పాత ఖాతా, ఫోటోలూ వీడియోలూ ఎక్కువగా ఉన్న ఖాతా అయితే కొన్ని రోజులు పట్టినా ఆశ్చర్యపోనక్కర లేదు. సస్పెండైన ఖాతాలో ఈ మెనూ తెరుచుకుంటే అదృష్టం. తెరుచుకోకపోతే సహాయ కేంద్రంలో గోప్యతకు సంబంధించిన ఫారం ద్వారా మీ సమాచారపు ప్రతి కావాలని రాసి అడగండి, జవాబు వచ్చేదాకా తొలగింపు మాట ఎత్తకండి.

ఆ ఆర్కైవ్‌ను జ్ఞాపకాల పెట్టెలాగా దాచుకోవడం మాత్రమే కాదు, మన ప్రశ్నకు జవాబు చాలావరకు దానిలోనే దొరుకుతుంది. జిప్ ఫైలును విప్పితే “data” అనే ఫోల్డరు కనిపిస్తుంది. అందులో ఈ కిందివాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి.

```
account.js
phone-number.js
contact.js
ip-audit.js
deleted-tweets.js
account-suspension.js
```

వీటిలో మొదటి రెండూ మీరు ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్, ఫోన్ నంబరు వగైరా చూపుతాయి. “contact.js” మాత్రం చాలామందిని ఉలిక్కిపడేలా చేస్తుంది, ఎందుకంటే ఎప్పుడో ఖాతా తెరిచిన రోజున పరిచయస్తులను వెతుక్కోవడానికి ఒప్పుకుని ఉంటే, మీ ఫోన్‌లోని నంబర్లు అందులో ఉండవచ్చు. అవి మీ బంధువులవి, పాలవాడివి, డాక్టరుగారివి. వాళ్లెవరూ ఎక్స్‌లో లేకపోయినా సరే. సెట్టింగులు తెరుచుకునే స్థితిలో ఉంటే, అలా ఎక్కిన పరిచయాలను తొలగించే ఏర్పాటు గోప్యత విభాగంలో ఉంటుంది, ఖాతా మూసే ముందే ఆ పని చేయండి. “ip-audit.js” లో మీరు ఏ తేదీన ఏ ఐపీ చిరునామా నుంచి లాగిన్ అయ్యారో ఉంటుంది. చివరి ఫైలు పేరులోనే సస్పెన్షన్ ఉంది, మీ ఖాతా మీద పడిన ముద్ర రికార్డుగా ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది. ఈ ఫైళ్లలో మీకు కనిపించేవన్నీ సంస్థ దగ్గర ఉన్నవే అని గ్రహిస్తే, తొలగింపు తర్వాత వీటిలో ఏది పోతుంది, ఏది ఉంటుంది అన్నది ఒక్కొక్కటిగా ఆలోచించవచ్చు.

ఒక హెచ్చరిక: ఈ జిప్ ఫైలులో మీ డీఎంలు కూడా ఉంటాయి. ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్‌లో దింపి అక్కడే వదిలి రావద్దు.

మూడో పని: అప్పీలు ఫలితం తేలేదాకా ఆగండి

అప్పీలు పరిశీలనలో ఉండగా తొలగింపు కోరవచ్చా అని అడుగుతారు. కోరవచ్చు, కానీ తొలగింపు గడువు ముగిస్తే తిరిగి ఇవ్వడానికి ఖాతాయే ఉండదు కనుక, ఆ తర్వాత అప్పీలు గెలిచినా ఒరిగేది ఏమీ లేదు. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. సస్పెన్షన్ పొరపాటున జరిగిందని ఒప్పుకుని ఎత్తివేస్తే, మీరు మళ్లీ మామూలు ఖాతాదారు అవుతారు. అప్పుడు ఫోన్ నంబరు, ఈమెయిల్ మార్చుకోవచ్చు, పోస్టులు మీ చేత్తో చెరుపుకోవచ్చు, ఆ తర్వాత మామూలుగా మూసుకోవచ్చు. అంటే మీకు ఖాతా మీద మోజు లేకపోయినా, శుభ్రంగా వదిలించుకోవడానికైనా అప్పీలు గెలవడం అవసరం.

అప్పీలులో పొడవైన కథ రాయకండి. ఏ పోస్టు గురించి, ఏ నిబంధన కింద, ఎందుకు తప్పు కాదంటున్నారో నాలుగైదు వాక్యాల్లో చెప్పండి. కాపీరైట్ ఫిర్యాదుల వల్ల సస్పెండైతే మాత్రం ఈ మామూలు అప్పీలు అంతగా పని చేయదు. సినిమా పాట ముక్కో ట్రైలర్ ముక్కో పెట్టినందుకు వచ్చిన ఫిర్యాదు అయితే, ఫిర్యాదు చేసిన హక్కుదారు దాన్ని వెనక్కి తీసుకోవాలి, లేదా ఆ ఫిర్యాదు సరికాదంటూ మీరు కౌంటర్ నోటీసు ఇవ్వాలి. కౌంటర్ నోటీసు ఇస్తే మీ పేరు, చిరునామా ఎదుటి పక్షానికి వెళతాయి. వివరాలు చెరిపించుకోవాలని బయలుదేరినవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

సంస్థ జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా భారతదేశంలో ఉన్నవారికి ఇంకో మెట్టు ఉంది. 2021 నాటి సమాచార సాంకేతికత నిబంధనల ప్రకారం ఇటువంటి సంస్థలు ఇక్కడ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ నిబంధనలు వెలువడినప్పుడు ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో పరిష్కరించాలని గడువు పెట్టారు. ఆ అధికారి నిర్ణయం మీకు అందిన 30 రోజుల్లోపు, కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పిలేట్ కమిటీకి gac.gov.in లో అప్పీలు చేయవచ్చు. అధికారికి రాసిన మెయిలు, వచ్చిన జవాబు రెండూ దాచుకోండి, కమిటీ ముందు చూపాల్సింది అవే. ఈ మెట్టు ఎక్కదలచుకున్నవారు ఈలోగా తొలగింపు కోరకూడదని వేరే చెప్పనక్కర లేదు.

నాలుగో పని: తొలగింపు కోరడం

మామూలు ఖాతాను మూయాలంటే “Your account” కింద “Deactivate your account” నొక్కితే సరిపోతుంది. సస్పెండైన లేదా లాక్ అయిన ఖాతాను కూడా డీయాక్టివేట్ చేసుకునే అవకాశం ఉండాలన్నదే తమ విధానమని ఎక్స్ చెబుతుంది. అందుకు ప్రత్యేకంగా అభ్యర్థన పంపే ఫారం లింకును డీయాక్టివేషన్ గురించిన సహాయ పేజీలోనే ఇచ్చింది. help.x.com లో ఆ పేజీ తెరిచి, సస్పెండైన ఖాతాల గురించిన ప్రశ్న దగ్గర ఉన్న లింకు నొక్కండి. గూగుల్‌లో వెతికితే కనిపించే “అకౌంట్ రికవరీ సేవలు”, ఫీజు తీసుకుని తొలగిస్తామనే టెలిగ్రామ్ మనుషులు ఎవరైనా సరే, వాళ్లకు పాస్‌వర్డ్ ఇస్తే పోయేది ఒక ఖాతాతో ఆగదు.

ఫారంలో హ్యాండిల్‌ను అక్షరం పొల్లు పోకుండా రాయండి. ఖాతాకు అనుసంధానించిన ఈమెయిల్‌నే ఇవ్వండి. ఆ ఈమెయిల్ ఇప్పుడు మీ చేతిలో లేకపోతే, ఉదాహరణకు చదువు ముగిశాక మూతపడిన కాలేజీ మెయిల్ అయితే, ముందు దాన్ని తెరిపించుకునే ప్రయత్నం చేయండి. ఖాతా మీదేనని రుజువు చేసుకోలేకపోవడమే ఇటువంటి అభ్యర్థనలు ఆగిపోవడానికి పెద్ద కారణం. వివరణ రాసే చోట రెండు విషయాలు విడివిడిగా అడగండి: ఒకటి, ఖాతాను డీయాక్టివేట్ చేయమని, రెండు, చట్టం ప్రకారమో తమ విధానం ప్రకారమో నిలుపుకునేవి తప్ప మిగతా వ్యక్తిగత వివరాలను చెరిపివేసి, ఏవి నిలుపుకున్నారో తెలియజేయమని. రెండోదానికి స్పష్టమైన జవాబు వస్తుందన్న హామీ లేదు, కానీ అడిగినట్టు తేదీతో రికార్డు ఉంటుంది.

పంపాక మీ ఈమెయిల్‌ను, స్పామ్ ఫోల్డరుతో సహా, రోజూ చూడండి. ఖాతాదారు మీరేనని నిర్ధారించమంటూ మెయిలు వస్తే దానికి బదులివ్వకపోతే అభ్యర్థన ముందుకు సాగదు.

డీయాక్టివేట్ అయ్యాక 30 రోజుల గడువు మొదలవుతుంది. ఆ గడువు ముగిశాకే అసలు తొలగింపు. ఈ మధ్యలో జరిగే పొరపాటు ఒకటుంది, చాలామంది దానిలోనే పడతారు. “నిజంగా పోయిందా” అని చూడటానికి లాగిన్ అవుతారు. లాగిన్ అయితే ఖాతాను తిరిగి తెరవడానికి ఒప్పుకున్నట్టే కావచ్చు, గడువు మొదటికి వస్తుంది. చూడాలనిపిస్తే బ్రౌజర్‌లో లాగిన్ కాకుండా మీ ప్రొఫైల్ చిరునామా తెరిచి చూడండి. ఫోన్‌లోని యాప్‌ను తీసేయండి. పోస్టులు షెడ్యూల్ చేయడానికో ఫాలోవర్లను లెక్కించడానికో మీరు ఎప్పుడో అనుమతి ఇచ్చిన బయటి యాప్‌లు మీ తరఫున లాగిన్ అయినా ఇదే జరగవచ్చు. అందువల్ల డీయాక్టివేషన్‌కు ముందే “Connected apps” లోకి వెళ్లి వాటి అనుమతులన్నీ రద్దు చేయండి.

నీలి టిక్కు కోసం నెలనెలా డబ్బు కడుతున్నవారు, ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ ద్వారా కట్టి ఉంటే, ఆ చందాను అక్కడికి వెళ్లి విడిగా రద్దు చేసుకోవాలి. సస్పెండైనా, మూతపడినా ఆ స్టోర్ దానంతట అది ఆపుతుందని అనుకోవద్దు.

ఏం మిగులుతుంది, ఎందుకు మిగులుతుంది

ఇక అసలు సంగతికి వద్దాం. మిగిలేవాటిని ఎవరి దగ్గర మిగులుతాయి అన్న ప్రకారం చూస్తే సులభంగా అర్థమవుతుంది.

సంస్థ దగ్గర మిగిలేవాటిలో మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, మీ ఈమెయిల్, ఫోన్ నంబరు. నిబంధనలు ఉల్లంఘించినందుకు ఖాతా సస్పెండైతే, ఆ ఖాతా తెరవడానికి వాడిన ఈమెయిల్, ఫోన్ నంబరు వంటి గుర్తింపులను నిరవధికంగా ఉంచుకోవచ్చని ఎక్స్ గోప్యతా విధానం చెబుతుంది. అదే మనిషి మళ్లీ కొత్త ఖాతాతో రాకుండా ఆపడమే దాని ఉద్దేశం. మొదట నేను తలకిందుల వ్యవహారం అన్నది ఇదే: మంచిగా ఉన్న ఖాతాను మూస్తే ఈ గుర్తింపులు పోతాయి, వేటు పడిన ఖాతాను మూస్తే ఆ వేటే వాటిని పట్టి ఉంచుతుంది. బడిలో పేరు కొట్టేసినవాడి పేరు వేరే రిజిస్టరులో ఎర్ర సిరాతో ఉండిపోయినట్టు. దీని ఫలితం ఆచరణలో ఎలా తెలుస్తుందంటే, పాత ఖాతా పూర్తిగా తొలగిపోయిన తర్వాత కూడా అదే నంబరుతో కొత్త ఖాతా తెరిస్తే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఒక్క పోస్టు కూడా పెట్టకుండానే, అది సస్పెండ్ కావచ్చు. సస్పెన్షన్‌ను తప్పించుకుని కొత్త ఖాతా తెరవడం కూడా వాళ్ల నిబంధనల ప్రకారం ఉల్లంఘనే. పాత హ్యాండిల్ తిరిగి దొరుకుతుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు.

రెండోది వాడకం వివరాలు. మీరు సేవను వాడేటప్పుడు పోగయ్యే వ్యక్తిగత సమాచారాన్ని 18 నెలల దాకా ఉంచుకుంటామని అదే విధానంలో ఉంది. ఆర్కైవ్‌లో మీరు చూసిన ఐపీ చిరునామాల చిట్టా వంటివి ఈ కోవలోకి వస్తాయి.

మూడోది చట్టం ఉంచమన్నది. 2021 నిబంధనల్లో 3వ నిబంధన ఇక్కడ రెండు మాటలు చెబుతుంది. నమోదు కోసం వినియోగదారు ఇచ్చిన వివరాలను, ఆ నమోదు రద్దయిన తర్వాత లేదా వినియోగదారు దాన్ని ఉపసంహరించుకున్న తర్వాత 180 రోజుల పాటు సంస్థ నిలుపుకోవాలి. అలాగే ఆ నిబంధన కింద తీసివేసిన సమాచారాన్ని, దానికి సంబంధించిన రికార్డులను దర్యాప్తు అవసరాల కోసం 180 రోజులు, కోర్టో అధికార సంస్థో కోరితే ఇంకా ఎక్కువ కాలం, భద్రపరచాలి. కాబట్టి “నేను తొలగించమన్నా ఉంచుకున్నారు, ఇది అక్రమం” అని 180 రోజుల లోపల వాదించడం వృథా. ఆ కాలంలో ఉంచుకోకపోవడమే వాళ్లకు తప్పవుతుంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 12వ సెక్షన్ మీ సమాచారాన్ని చెరిపించుకునే హక్కు ఇస్తుంది కదా అని అడగవచ్చు. ఇస్తుంది, కానీ ఏదైనా చట్టం ప్రకారం ఉంచుకోవాల్సిన సమాచారానికి ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. పైగా దానికి సంబంధించిన నియమాలు 2025 నవంబరులోనే వెలువడ్డాయి, ఈ హక్కుకు సంబంధించిన భాగం అమలులోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు పెట్టారు.

ఇక సంస్థ చేతిలో లేకుండా బయట మిగిలేవి. మీరు ఇతరులకు పంపిన డీఎంలు ఆ ఇతరుల పెట్టెలో ఉన్నవే. మీ ఖాతా మూతపడినంత మాత్రాన వాళ్ల ప్రతి మాయమవుతుందని అనుకోకండి. 2019 ఫిబ్రవరిలో ఒక భద్రతా పరిశోధకుడు, అప్పటి ట్విటర్‌లో మూతపడిన, సస్పెండైన ఖాతాలతో జరిపిన పాత సంభాషణలు కూడా తన ఆర్కైవ్‌లో కనిపిస్తున్నాయని చూపించాడు. తొలగింపు అన్న మాటను ఎంత నమ్మాలో తెలియడానికి ఆ ఉదంతం చాలు. ఇతరులు మీ హ్యాండిల్‌ను ప్రస్తావిస్తూ రాసిన పోస్టులు, మీ పోస్టుల స్క్రీన్‌షాట్లు, మీ మాటలను ఎత్తిరాసిన వార్తలు అలాగే ఉంటాయి. గూగుల్ వెతుకులాటలో పాత ప్రొఫైల్ కొంతకాలం కనిపిస్తే, దాన్ని తీయమని గూగుల్‌నే అడగాలి. దాన్ని తొలగించడం ఎక్స్ చేతిలో లేదు.

ఒక ఉదాహరణను తేదీలతో చూద్దాం

రాజమండ్రిలో ఉన్న ఒక యువకుడికి అభిమాన హీరో పేరుతో ఖాతా ఉందని, సినిమా విడుదల వారంలో వరుసగా పాటల ముక్కలు పెట్టినందుకు మార్చి 3న అది సస్పెండైందని అనుకుందాం. ఖాతాకు ఇచ్చినది అతని తండ్రి ఫోన్ నంబరు. ఇది మన ఇళ్లలో మామూలే. అతను ఆ రోజే అప్పీలు పంపి, ఆర్కైవ్ కూడా అడుగుతాడు. మార్చి 5న ఆర్కైవ్ చేతికి వస్తుంది. మార్చి 12న అప్పీలు తిరస్కరించినట్టు మెయిలు వస్తుంది. ఫిర్యాదులు నిజమేనని అతనికి తెలుసు కనుక కౌంటర్ నోటీసు జోలికి, అప్పిలేట్ కమిటీ జోలికి వెళ్లడు. మార్చి 14న డీయాక్టివేషన్ ఫారం నింపి, నిర్ధారణ మెయిలుకు బదులిస్తాడు. మార్చి 17న ఖాతా డీయాక్టివేట్ అయినట్టు జవాబు వస్తుంది.

అక్కడి నుంచి 30 రోజులు లెక్కిస్తే ఏప్రిల్ 16. ఆ రోజు దాకా అతను లాగిన్ కాకూడదు. ఏప్రిల్ 16 తర్వాత ప్రొఫైల్, పోస్టులు, ఫోటోలు సేవలోంచి తొలగింపుకు వెళతాయి. నమోదు వివరాల 180 రోజులను డీయాక్టివేట్ అయిన మార్చి 17 నుంచి లెక్కిస్తే సెప్టెంబరు 13 వస్తుంది, గడువు ముగిసిన ఏప్రిల్ 16 నుంచి లెక్కిస్తే అక్టోబరు 13 వస్తుంది. జాగ్రత్త కోసం అతను రెండో తేదీనే గుర్తు పెట్టుకోవాలి. చివరిసారి లాగిన్ అయినప్పటి వివరాలు 18 నెలల లెక్కన మరుసటి ఏడాది సెప్టెంబరు దాకా ఉండవచ్చు.

ఇక తండ్రి ఫోన్ నంబరుకు తేదీ అంటూ లేదు. కొడుకు ఖాతా మీద పడిన వేటు ఆ నంబరుకు అంటుకుని ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు ఆ తండ్రి వార్తలు చదువుకోవడానికి తన నంబరుతో ఎక్స్ ఖాతా తెరవబోతే ఇబ్బంది రావచ్చు. అప్పుడు ఆయన చేయగలిగింది ఆ నంబరు వాడకుండా తన సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరవడం, అయినా సస్పెండైతే తాను వేరే మనిషినని అప్పీలులో చెప్పుకోవడం. కొడుకు విషయానికి వస్తే, మార్చి 3కు ముందే, మొదటి ఫిర్యాదు మెయిలు వచ్చిన రోజునే, ఖాతా ఇంకా తన చేతిలో ఉండగా తండ్రి నంబరును తీసేసి, ఆ పాటల ముక్కలన్నీ చెరిపేసి ఉంటే ఈ చిక్కు తండ్రి దాకా వచ్చేది కాదు.